రెండు బడుల ఉడుతకు ఒక పేరు

అమెరికాలోని ఖాన్ అకాడమీ వారు చిన్నపిల్లల కోసం 2018లో ఒక విద్యా యాప్‌ను విడుదల చేశారు. అందులో పిల్లలకు తోడుగా నిలిచి పాఠాలలోకి నడిపించేది ఒక ఎలుగుబంటి. దాని పేరు Kodi. ఆంగ్లం మాట్లాడే పిల్లలకు ఆ పేరు మెత్తగా, ముద్దుగా వినిపిస్తుంది. తెలుగు పిల్లవాడి చెవిన పడేసరికి మాత్రం అది ‘కోడి’ అవుతుంది. ఎలుగుబంటిని చూపి కోడి అంటే ఏ పిల్లవాడు నవ్వకుండా ఉంటాడు? ఈ నవ్వులో ఎవరి తప్పూ లేదు. ఆ పేరు తెలుగు పిల్లలను ఎదుట ఉంచుకొని పెట్టింది కాదు, అంతే. కాని మన పిల్లల కోసమే, మన ఊళ్లోనే, మన చేతులతోనే తయారయ్యే యాప్‌లో కూడా ఇటువంటి పొరపాటు జరిగితే దానికి బాధ్యులం మనమే అవుతాము.

ఈ ప్రసంగం ఊరక తెచ్చినది కాదు. మా కళాశాలకు చేరువలో ఒకే ఆవరణలో రెండు ప్రాథమిక తరగతులు నడుస్తున్నాయి. ఒకవైపు ఉర్దూ మాధ్యమం, మరొకవైపు తెలుగు మాధ్యమం. విరామ సమయంలో పిల్లలందరిదీ ఒకే ఆటస్థలం. ఆ రెండు బడుల ఒకటవ, రెండవ తరగతుల పిల్లలకు అక్షరాలూ అంకెలూ నేర్పే చిన్న యాప్ ఒకటి తయారు చేయాలని మా కంప్యూటర్ విద్యార్థులు సంకల్పించారు. అందులో పిల్లలను పలకరించి, తప్పు చేసినప్పుడు మళ్లీ ప్రయత్నించమని ప్రోత్సహించే ఒక జంతువు బొమ్మ ఉండాలని అనుకున్నారు. బొమ్మ గీయడానికి రెండు రోజులు పట్టింది. దానికి పేరు పెట్టడానికి రెండు నెలలు పట్టింది. ఉర్దూ శాఖవారినీ తెలుగు శాఖవారినీ కూర్చోబెట్టి జరిపిన ఆ తర్జనభర్జనల నుండి మాకు ఏర్పడిన అభిప్రాయాన్ని ఇక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ముందుగా తేలిన విషయం ఏమిటంటే, పేరు కన్నా ముందు జంతువును ఎన్నుకోవాలి. మొదట అందరి నోటా వచ్చినది చిలుక. రంగుల పక్షి, మాట నేర్చిన పక్షి, పిల్లలకు ప్రియమైన పక్షి. కాని తెలుగులో ‘చిలుక పలుకులు’ అంటే అర్థం తెలియకుండా వల్లించే మాటలని గదా భావం. ఉర్దూలోనూ అంతే. పాఠాన్ని బట్టీ పట్టే వాడిని ‘తోతే కీ తరహ్ రట్తా హై’ అంటారు. బట్టీ పట్టవద్దని చెప్పవలసిన పాత్రకు బట్టీకే గుర్తైన పక్షిని ఎంచుకోవడం తగదని రెండు శాఖలవారూ ఒకే మాటగా చెప్పారు. పోనీ గుడ్లగూబ? విదేశీ భాషలు నేర్పే డ్యుయోలింగో యాప్‌కు డ్యుయో అనే గుడ్లగూబ గుర్తుగా ఉన్నది. ప్రాచీన గ్రీకుల నుండి యూరపు ప్రజలకు గుడ్లగూబ జ్ఞానానికి చిహ్నం. మన వద్ద దాని జాతకం వేరు. ఉర్దూలో ‘ఉల్లూ’ అంటే బుద్ధిహీనుడు. తెలుగు పల్లెల్లో గుడ్లగూబ ఇంటి మీద వాలితే కీడని జడిసే వారు నేటికీ ఉన్నారు. ఆ భయం సరైనదా కాదా అన్నది వేరే చర్చ. ఆరేళ్ల పిల్లకు అక్షరం నేర్పే వేళ ఆ చర్చకు తావు లేదు.

చివరకు ఉడుత దగ్గర అందరికీ పొత్తు కుదిరింది. అందుకు కారణం ఉన్నది. వారధి కట్టేటప్పుడు ఇసుక మోసిన ఉడుత కథ తెలుగు పిల్లలకు ఇంటి వద్దనే తెలుస్తుంది. ‘ఉడుతా భక్తి’ అన్న మాట మతభేదం లేకుండా ఈ నేల మీద అందరూ వాడుకొనేదే. ఉర్దూ చదివే పిల్లలకు ఇక్బాల్ కవి పిల్లల కోసం రాసిన పర్వతమూ ఉడుతా అన్న గేయం పరిచితమే. అందులో ఉడుత పర్వతానికి బెదరక బదులు చెబుతుంది. ఒకచోట అది చిన్న సేవ చేసినది, మరొకచోట పెద్దవాని ఎదుట తలవంచనిది. ఇరు భాషల బాలసాహిత్యమూ ఒకే చిన్న ప్రాణిని గౌరవించినప్పుడు మనము వేరొక జంతువును వెదకవలసిన పని ఏమున్నది? పైగా బడి ఆవరణలోని వేపచెట్టు మీద అది ప్రతిదినమూ పిల్లలకు కనిపించేదే.

జంతువు కుదిరినది కాబట్టి పేరు సులువుగా కుదురుతుందని భావించాము. అది మా అమాయకత్వం. హిందీ బాగా చదువుకున్న విద్యార్థి ఒకరు ‘గిల్లూ’ అని సూచించారు. మహాదేవీ వర్మ తాను పెంచిన ఉడుతను గురించి ‘గిల్లూ’ పేరుతోనే ఒక రచన చేశారు. అది పాఠ్యపుస్తకాల ద్వారా ఎందరికో తెలిసినది. ఉర్దూలో ఉడుతను గిలహరీ అంటారు గనుక పొట్టి పేరు గిల్లూ అని సహజంగానే వస్తుంది. ఉర్దూ శాఖవారు చప్పట్లు కొట్టారు. తెలుగు శాఖవారు మాత్రం ముసిముసిగా నవ్వుతూ ఊరుకున్నారు. తెలుగులో ‘గిల్లు’ అంటే చర్మాన్ని పట్టి నొక్కమని ఆజ్ఞ. యాప్ తెరచి ‘గిల్లూ!’ అని పిలిచిన మొదటి రోజే పక్క బెంచీ పిల్లవాడి చేయి ఎర్రబడకుండా ఉంటుందా? హాస్యం అటుంచితే, పిల్లలు ఒక పేరును హేళనగా వాడుకోవడానికి దారి ఉన్నదా అని ముందే చూడడం పేరు పెట్టేవారి తొలి కర్తవ్యం. పెద్దలు పేరు అర్థాన్ని చూస్తారు. పిల్లలు ఆ పేరుతో ఏమి చేయవచ్చునో చూస్తారు.

మరొక సూచన ‘హుద్‌హుద్’. ఉడుతకు పక్షి పేరు ఎందుకని ఎవరో అడిగారు గాని, సూచించిన ఉర్దూ అధ్యాపకుల వాదన గంభీరమైనది. పవిత్ర ఖురాన్‌లో సులేమాన్ ప్రవక్తకు సబా దేశపు వార్తను తెచ్చినది హుద్‌హుద్ పక్షి. దానినే మనము కూకుడుగువ్వ అంటాము. విజ్ఞానాన్ని మోసుకొచ్చే దూతకు అంతకంటె చక్కని పేరు ఉర్దూ బాలునికి దొరకదు. కాని అదే పేరు 2014 అక్టోబరు 12న విశాఖపట్నం తీరాన్ని తాకిన పెనుతుపానుది. ఆ పేరును ప్రాంతీయ జాబితాకు సమర్పించినది ఒమన్ దేశం. అక్కడివారి దృష్టిలో అది అందమైన పక్షి. మన కోస్తా తెలుగువారికి మాత్రం అది కూలిన చెట్లు, ఎగిరిపోయిన కప్పులు, రోజుల తరబడి చీకటి. ఒక భాషలో మహిమ గల పేరు మరొక భాషవారి జ్ఞాపకంలో గాయంగా ఉండవచ్చును. నిఘంటువు ఈ సంగతి చెప్పదు. ఆ భాష మాట్లాడే ఇంటి మనుషులే చెప్పాలి. కావున రెండు భాషల పిల్లలకు ఉద్దేశించిన పేరును ఒక భాషవారు మాత్రమే కూర్చుని నిర్ణయించరాదని మా మొదటి సిద్ధాంతం.

ఆ పిమ్మట ‘తారా’ అన్న పేరు వచ్చింది. దానిని కాదనడానికి మాకు మనసు రాలేదు. తెలుగులోనూ ఉర్దూలోనూ దాని అర్థం నక్షత్రమే. పలుకుబడి సుకుమారం. రాయడం సులభం. రెండు భాషల మధ్య ఇంతకంటె తిన్నని వంతెన కనబడదు. అయినా మేము దానిని విడిచిపెట్టాము. ఎందుకంటే తార అనే పేరు గల అమ్మాయిలు మన మధ్య బతికి ఉన్నారు. ఈ అభ్యంతరం కొందరికి అతిగా తోచవచ్చును. అందుకే కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది.

అమెజాన్ సంస్థ 2014లో మాట వినిపించుకొని పనిచేసే యంత్రాన్ని విడుదల చేసి, అందులోని సహాయకురాలికి అలెక్సా అని పేరు పెట్టింది. యంత్రాన్ని మేలుకొలిపే మాట కూడా అదే. అలెక్సా అన్నది పాశ్చాత్య దేశాలలో అప్పటికే ఎందరో బాలికల పేరు. తరువాతి సంవత్సరాలలో ఆ బాలికలను తోటిపిల్లలు ‘అలెక్సా, ఇది చేయి, అలెక్సా, అది చెప్పు’ అని ఆజ్ఞాపిస్తూ ఆటపట్టించారు. బ్రిటన్‌లో కొందరు తల్లిదండ్రులు తమ కుమార్తెల పేర్లు మార్చుకోవలసి వచ్చిందని 2021లో పత్రికలకు చెప్పుకున్నారు. యంత్రాన్ని మేలుకొలిపే మాటను ఇంటివారు మార్చుకొనే వీలు ఉన్నది. కాని బడిలో ఉన్న పిల్ల పేరును ఎవరు మార్చగలరు? మన రెండు బడుల ఆవరణలో ఒక తార ఉన్నదనుకోండి. యాప్‌లోని బొమ్మ తప్పు చెప్పిన ప్రతిసారీ, నెమ్మదిగా కదిలిన ప్రతిసారీ, ఆ నవ్వు పోయి ఎవరి మీద పడుతుంది?

ఇందులో మరొక సూక్ష్మం కూడా ఉన్నది. మన దేశంలో మనిషి పేరు వింటే ఊరూ మతమూ కులమూ ఊహించుకొనే అలవాటు మనకు పోలేదు. సహాయక పాత్రకు సలీం అని పెడితే ఒక వర్గపు పిల్లలు మనవాడనుకుంటారు, మరొక వర్గపు పిల్లలు వాళ్లవాడనుకుంటారు. రాము అని పెట్టినా ఫలితం అదే, దిశ మాత్రం మారుతుంది. అక్షరం నేర్చుకోవడానికి వచ్చిన పిల్లకు మొదటి తెర మీదనే ఇది నీది, ఇది నీది కాదు అన్న గీత కనిపించరాదు. అల్పసంఖ్యాక వర్గాల విద్యాసంస్థలో చదువుకుంటున్న మాకు ఆ గీత ఎంత సన్ననిదో, ఎంత బాగా కనిపిస్తుందో వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. కావున బతికి ఉన్న మనుషుల పేర్లు వద్దన్నది మా రెండవ సిద్ధాంతం.

ఇక మూడవది లిపికి సంబంధించినది. బహుశా పెద్దలు అన్నిటికంటె తక్కువగా ఆలోచించేది ఇదే. యాప్‌లోని పాత్ర పేరు తెర మీద ప్రతిదినమూ కనిపిస్తుంది. ఒకటవ తరగతి పిల్ల తనంతట తాను చదివే మొదటి మాటలలో అది ఒకటి కావాలి. అది ఆమెకు ఒక విజయం. తెలుగులో అందుకు అడ్డువచ్చేవి వత్తులు. పిల్లలు ముందు అచ్చులు, హల్లులు, ఆ తరువాత గుణింతాలు నేర్చుకుంటారు. ద్విత్వాలూ సంయుక్తాలూ వారికి వచ్చేది చాలా ఆలస్యంగా. ‘స్పార్కీ’ వంటి ఆంగ్లపు పేరును మా విద్యార్థి ఒకరు సూచించినప్పుడు దానిని బోర్డు మీద రాయించాము. మొదటి అక్షరానికే వత్తు, రెండవ అక్షరానికీ వత్తే. తన యాప్‌లోని నేస్తం పేరు చదవడానికి పిల్ల ఏడాది పొడుగునా వేచి ఉండాలన్నమాట.

ఉర్దూలో చిక్కు వేరు విధంగా ఉన్నది. ఆ లిపిలో హ్రస్వ స్వరాలకు గుర్తులు మామూలుగా రాయరు. దీర్ఘాలకు అలిఫ్, వావ్, యే అనే అక్షరాలు ఉన్నాయి. ‘గిల్లూ’ అని రాస్తే గాఫ్, లామ్, వావ్ మాత్రమే కనిపిస్తాయి. పేరు ముందే తెలియని పిల్ల దానిని గలూ అనవచ్చును, గులో అనవచ్చును. దీర్ఘాలలో కూడా వావ్ ఒకచోట ఊ, మరొకచోట ఓ. మాట నడుమ యే ఒకచోట ఈ, మరొకచోట ఏ. ఏ సందేహమూ లేకుండా చదవగలిగే దీర్ఘం అలిఫ్ చూపే ఆకారమే. మరొక సంగతి ఏమిటంటే, ఉర్దూ అక్షరాలు పక్క అక్షరాలతో కలిసినప్పుడు రూపం మార్చుకుంటాయి. ఆ మార్పులు నేర్చుకోవడమే మొదటి తరగతి పిల్లలకు పెద్ద శ్రమ. కాని అలిఫ్, దాల్, రే, వావ్ వంటి కొన్ని అక్షరాలు తమ తరువాతి అక్షరంతో కలవవు. అటువంటి అక్షరాలతోనే కూర్చిన పేరైతే, విడివిడి అక్షరాలు మాత్రమే నేర్చిన పిల్ల కూడా వెంటనే చదివేస్తుంది.

ఈ నియమాలన్నీ ఒక కాగితం మీద రాసుకొని చూశాము. తెలుగులో వత్తులు ఉండరాదు. ఉర్దూలో స్వరాలన్నీ అలిఫ్‌తో తేలాలి, అక్షరాలు కలవని జాతివి కావాలి. తెలుగులో ఉండి ఉర్దూలో లేని ళకార, ణకారాలు వద్దు. ఉర్దూలో ఉండి తెలుగు లిపికి లొంగని ఖే, గైన్, జే వంటి ధ్వనులు వద్దు. ఎవరి పేరూ కారాదు. ఎవరికీ తిట్టు కారాదు. ఇంతగా వడపోస్తే మిగిలేవి కొద్ది మాటలే. అందులో ‘దాదా’ ఉన్నది. అది ఉర్దూ ఇంట తాతగారు, తెలుగు వీధిలో రౌడీ. కాబట్టి పోయింది. చివరకు చేతిలో మిగిలినది ‘ఆరా’.

తెలుగులో ఆరా అంటే వాకబు, విచారణ. తెలియని సంగతిని అడిగి తెలుసుకోవడాన్ని ‘ఆరా తీయడం’ అంటాము. ప్రశ్నలు అడగడం నేర్పవలసిన ఉడుతకు ఇంతకంటె తగిన మాట ఏమున్నది? రాతలో ఆ, రా అనే రెండు అక్షరాలు, వత్తు లేదు. ఉర్దూలో మద్ గల అలిఫ్, రే, అలిఫ్. మూడూ విడివిడిగా నిలిచేవే. అక్షరాలు వచ్చిన ఏ పిల్లైనా వేరు విధంగా చదవలేదు.

అయితే ఉర్దూ శాఖవారు వెంటనే అభ్యంతరం తెచ్చారు. ఉర్దూలో ఆరా అంటే రంపం. కర్రలు కోసే పెద్ద రంపం. పిల్లల నేస్తానికి రంపమని పేరు పెడతారా అని వారి ప్రశ్న. ఇది తేలికగా తీసిపారేయదగినది కాదు. మా ప్రాంతపు ఉర్దూ బడిలో వడ్రంగుల పిల్లలు కొందరు చదువుతున్నారు. వారికి ఆ మాట పుస్తకంలోది కాదు, ఇంటి ముంగిట వినిపించేది. దీనికి తీర్పు మేము చెప్పక, బొమ్మను పిల్లలకే చూపాము. పేరు ఒకసారి మాత్రమే చెప్పి, ఎందుకు ఆ పేరు వచ్చిందో చెప్పకుండా ఊరుకున్నాము. ఒక వడ్రంగి కుమార్తె బొమ్మను కాసేపు చూసి, ‘దీని పళ్లు ఆరీలా ఉన్నాయి కదా, అందుకే ఆరా’ అన్నది. ఆరీ అంటే చిన్న రంపం. గట్టి గింజను కొరికి పప్పు తీసే ఉడుత పళ్లకు రంపంతో పోలిక పెద్దలమైన మాకు తట్టలేదు. ఆమెకు తట్టింది. అభ్యంతరమే పేరుకు కారణమై కూర్చున్నది.

ఉర్దూ వ్యాకరణం కూడా ఇక్కడ సహాయపడింది. వస్తువైతే విభక్తి ముందు ఆరా అన్నది ఆరే అవుతుంది. ‘ఆరే సే లక్డీ కాటో’ అంటే రంపంతో కర్ర కోయమని. వ్యక్తి పేరైతే ఆ మార్పు రాదు. ‘ఆరా సే పూఛో’ అంటే ఆరాను అడగమని. వాక్యంలో పడేసరికి రెండూ విడిపోతాయి.

పేరు కుదిరినదని సంతోషించేలోగా మరి రెండు లోపాలు బయటపడ్డాయి. వాటిని దాచడం న్యాయం కాదు. మొదటిది ఆంగ్ల లిపి. ఫోనులో యాప్ కింద పేరు ఆంగ్లంలో కూడా ఉండాలి. Ara అని రాసి ఒక డిగ్రీ విద్యార్థికి చూపితే ‘ఏరా’ అని చదివాడు. తెలుగులో ఏరా అంటే చనువుగా గాని, చులకనగా గాని మగపిల్లవాడిని పిలిచే పిలుపు. అందుచేత Aara అని రెండు ఏలతో రాయాలని నిశ్చయించాము. ఏ పేరునైనా అది కనిపించబోయే ప్రతి లిపిలోనూ రాసి, ఆ పేరు ఎన్నడూ వినని మనిషి చేత చదివించి చూడడం తప్పనిసరి. రాసినవారు తాము రాసినట్లే చదువుతారు గనుక వారికి లోపం కనిపించదు.

రెండవది మరింత చిక్కు. బొమ్మను పేరు పెట్టి పిలిస్తే పలికేటట్లు చేయాలని మా విద్యార్థుల కోరిక. తెలుగు బడిలో అంకెల పాఠం నడుస్తుండగా ఒక పిల్లవాడు లెక్కపెట్టి, సందేహంగా ‘ఆరా?’ అని టీచరమ్మను అడిగాడు. ఫోనులోని ఉడుత తనను పిలిచారనుకొని ఎగిరి గంతేసింది. తరగతి అంతా గొల్లుమన్నది. ‘ఆరు’ అన్న అంకె ప్రశ్నగా మారితే ‘ఆరా’ అవుతుందన్న సంగతి రెండు నెలల చర్చలో తెలుగు శాఖవారమైన మాలో ఒక్కరికీ తోచలేదు! రెండక్షరాల పొట్టి పేరు నోటికి ఎంత హాయో, యంత్రానికి అంత గందరగోళం. యంత్రం మేలుకొనే మాట కొంత పొడుగుగా, రోజువారీ మాటలకు దూరంగా ఉండాలి. పిల్లలు చదివి రాసే పేరు పొట్టిగా, మాటలకు దగ్గరగా ఉండాలి. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి విరోధం. ఏదో ఒకటి వదులుకోక తప్పదు. మేము పిలుపును వదులుకున్నాము. ఇప్పుడు బొమ్మను వేలితో తాకితేనే పలుకుతుంది. ఐదారేళ్ల పిల్లల గొంతును యంత్రం సరిగా పోల్చుకోవడమే కష్టమైనప్పుడు ఇది పెద్ద నష్టం కాదని మా భావన.

జహాఁ ఆరా, రోషన్ ఆరా వంటి పేర్లలో ఆరా ఉన్నది గదా, మరి మీ రెండవ సిద్ధాంతం ఏమైనదని ఒక సోదరి అడిగారు. ప్రశ్న న్యాయమైనది. ఆ పేర్లలో ఆరా అంటే అలంకరించునది అని అర్థం. అది పేరులో సగమే గాని పూర్తి పేరు కాదు. అయినా ఆ బడిలో అటువంటి పేరు గల పిల్లలను పొట్టిగా ఆరా అని పిలుస్తారా అని విచారించాము. లేదని తేలింది. మరొక ఊరిలో ఉండవచ్చును. అక్కడివారు మళ్లీ విచారించుకోవాలి. ఏ పేరూ అన్ని ఊళ్లకూ నిర్దోషం కాదు. ఎవరి కోసం పెడుతున్నామో వారి మధ్య నిర్దోషమైతే చాలును.

లింగం విషయంలో తెలుగు మాకు శ్రమ కలిగించలేదు. ‘ఉడుత వచ్చింది’, ‘నేను వస్తాను’ అంటే చాలు. ఉర్దూలో అలా కుదరదు. ‘మైఁ ఆతా హూఁ’ అనాలా, ‘మైఁ ఆతీ హూఁ’ అనాలా అన్నది గొంతు రికార్డు చేయకముందే తేలాలి. తరువాత మార్చితే వాక్యాలన్నీ మళ్లీ చదివించవలసి వస్తుంది. గిలహరీ స్త్రీలింగ పదం గనుక స్త్రీలింగమే ఖాయం చేశాము. ఆజ్ఞలు పాటించే యంత్రాలకు ఆడ గొంతు, ఆడ పేరు పెట్టే ఆచారాన్ని యునెస్కో 2019లో ఒక నివేదికలో విమర్శించింది. ఆ విమర్శ మాకు తెలియనిది కాదు. అందువల్లనే ఉడుత మాటలను తిరగరాశాము. మొదటి ప్రతిలో అది ‘ఏమి చేయమంటారు?’ అని అడిగేది. ఇప్పుడు ‘ఇది ఎందుకు ఇలా ఉన్నది, చూద్దామా?’ అని అడుగుతుంది. పేరులో ఆరా ఉంటే సరిపోదు, నడవడిలో కూడా ఉండాలి గదా.

పేరు నలుగురిలోకి వెళ్లేముందు చట్టం వైపు కూడా ఒకసారి చూడాలి. మన దేశంలో 1999 నాటి వ్యాపార చిహ్నాల చట్టం అమలులో ఉన్నది. నమోదైన పేర్లను రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఎవరైనా వెదకవచ్చును. సాఫ్ట్‌వేరుకు తొమ్మిదవ తరగతి, విద్యాసేవలకు నలభై ఒకటవ తరగతి. రాతలో వేరైనా పలుకులో ఒకటిగా ఉండే పేర్లను కూడా అక్కడ వెదకాలి. ఎందుకంటే తగవులు ఎక్కువగా అక్కడే వస్తాయి. బడి గోడల మధ్య ఉచితంగా నడిచే మా యాప్‌కు ప్రస్తుతం ఆ బెడద లేదు. రేపు దుకాణంలో పెట్టదలిస్తే ముందు ఆ పని ముగించుకోవాలని మా విద్యార్థులకు చెప్పి ఉంచాము. పేరుకు అలవాటుపడిన తరువాత మార్చితే పిల్లలకు అది ఒక నేస్తం మాయమైనట్లే.

మా అభిప్రాయాన్ని సంగ్రహంగా చెప్పవలసి వస్తే ఇది. పిల్లల యాప్‌లో సహాయక పాత్రకు పేరు పెట్టడం ప్రకటనలు రాసేవారి చమత్కారానికి విడిచిపెట్టదగిన పని కాదు. ఆ పేరును చదవబోయే పిల్లకు ఏ అక్షరాలు వచ్చునో తెలిసిన ఉపాధ్యాయులు, ఆ పిల్ల ఇంట మాట్లాడే భాష తెలిసిన పెద్దలు, చివరకు ఆ పిల్లా కలిసి చేయవలసిన పని. మాలో పాండిత్యం గలవారు రెండు నెలలు వాదించారు. రంపాన్ని ఉడుత పంటితో కలిపినది ఏడేళ్ల వడ్రంగి పిల్ల. ఆరును ఆరాగా మార్చి మా కళ్లు తెరిపించినది లెక్క తప్పిన ఒక పిల్లవాడు.

మొన్న విరామ సమయంలో ఆ ఆవరణలోకి వెళ్లాము. వేపచెట్టు మొదట్లో ఇద్దరు పిల్లలు సుద్దముక్కతో బండ మీద ఏదో రాస్తున్నారు. ఒకరు ఎడమ నుండి కుడికి ఆ, రా అని రాశారు. మరొకరు కుడి నుండి ఎడమకు అలిఫ్, రే, అలిఫ్ అని రాశారు. రెండు రాతలూ బండ నడుమ ఎదురుపడ్డాయి. ‘నీదీ ఆరానేనా?’ అని ఒకరినొకరు అడిగి చూసుకున్నారు. చెట్టు మీది ఉడుత మాత్రం ఈ గొడవ ఏదీ పట్టించుకోక తన గింజ తాను కొరుక్కుంటూ ఉన్నది.